‘వస్తనన్నడు’లో ఎవరు వస్తున్నట్టు?

జనగామ జిల్లా చిల్పూర్ నుంచి ఒకరు దోస్తుకు ఫోన్‌లో మెసేజ్ కొట్టారనుకుందాం: “చిన్నాన్న రేపు వస్తనన్నడు.” చదివినవాడికి ఏ అనుమానమూ రాదు. రేపు వచ్చేది చిన్నాన్న. ఇప్పుడు ఇందులో ఒక్క అక్షరం మారుద్దాం: “చిన్నాన్న రేపు వస్తడన్నడు.” ఇప్పుడు వచ్చేది చిన్నాన్న కాదు, ఇంకెవరో. ఆ వచ్చేవాడి సంగతి చెప్పినవాడు మాత్రమే చిన్నాన్న.

రెండు వాక్యాల్లోనూ ‘నేను’ లేదు, ‘వాడు’ లేదు, ‘తను’ లేదు. ఎవరు వస్తారో చెప్పే పనంతా ‘న’, ‘డ’ అనే ఒక్క హల్లు మీద పడింది. పైగా ఆ ‘న’ ఒక చిక్కును దాచుకుని ఉంది. ‘వస్తను’ అంటే నేను వస్తాను అని అర్థం. మెసేజ్ కొట్టినవాడు తన వేలితో ‘వస్తను’ అని కొట్టాడు, కానీ రావలసింది అతను కాదు. ఉత్తమ పురుష ప్రత్యయం రాసినవాణ్ణి వదిలి చిన్నాన్నను ఎలా పట్టుకుంది?

ఇంగ్లిష్ మీడియంలో చదివిన పిల్లలకు ఈ ప్రశ్న ఇంకా గట్టిగా తగులుతుంది. ఒకరి మాటను పరోక్షంగా చెప్పేటప్పుడు ‘నేను’ను ‘అతను’ చేయాలనీ, క్రియను ఒక మెట్టు గతంలోకి దించాలనీ ఇంగ్లిష్ క్లాసులో నేర్పుతారు. అదే బడిలో పక్క పీరియడ్‌లో తెలుగు సారు ప్రత్యక్ష కథనం, పరోక్ష కథనం అని చెప్పే పాఠం వేరుగా ఉంటుంది. ‘“నేను రేపు వస్తాను” అని రాజు అన్నాడు’ అనే వాక్యం ‘తాను రేపు వస్తానని రాజు అన్నాడు’ అని మారుతుంది. ‘నేను’ పోయి ‘తాను’ వచ్చింది. ‘వస్తాను’ మాత్రం కదలలేదు. మార్కుల కోసం బట్టీ పట్టే ఈ నియమం వెనక ఒక చక్కని యంత్రాంగం ఉంది.

## ఒక ఫోన్ కాల్, ఒక మెసేజ్

ముందు ఒక ఉదాహరణను పూర్తిగా తీసుకుందాం. మంగళవారం రాత్రి హైదరాబాద్ నుంచి చిన్నాన్న ఫోన్ చేసి ఇలా అన్నాడనుకుందాం:

“నేను రేపు పొద్దున బండెక్కుత. ఘన్‌పూర్ల దిగి నీకు ఫోన్ చేస్త. నువ్వు స్టేషన్‌కు రా. మీ అన్న గూడ వస్తడు.”

సికింద్రాబాద్–కాజీపేట లైను మీదున్న ఘన్‌పూర్ స్టేషన్‌లో దిగి చిల్పూర్ రావడం ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన దారే. ఫోన్ పెట్టేసిన అబ్బాయి, మోటారు సైకిల్ ఉన్న తన దోస్తుకు మెసేజ్ కొడతాడు:

“చిన్నాన్న రేపు పొద్దున బండెక్కుతనన్నడు. ఘన్‌పూర్ల దిగి నాకు ఫోన్ చేస్తనన్నడు. నన్ను స్టేషన్‌కు రమ్మన్నడు. మా అన్న గూడ వస్తడన్నడు.”

మొదటి వాక్యంలో ‘నేను’ ఎగిరిపోయింది, క్రియ ప్రత్యయం నిలబడింది. మాట్లాడేటప్పుడు ‘ఎక్కుత’ అని పొట్టిగా పలికినా, ‘అన్నడు’ పక్కకు రాగానే దాగి ఉన్న ‘ను’ బయటికొచ్చి ‘ఎక్కుతనన్నడు’ అయింది. రెండో వాక్యంలో ‘నీకు’ అన్నది ‘నాకు’గా మారింది. మారకపోతే ప్రమాదం: ‘నీకు ఫోన్ చేస్తనన్నడు’ అని కొడితే, చిన్నాన్న తనకే ఫోన్ చేస్తాడని దోస్తు ఎదురుచూస్తాడు. మూడో వాక్యంలో ‘రా’ అన్న ఆజ్ఞ ‘రమ్మన్నడు’ అయింది, ‘నువ్వు’ వెళ్లి ‘నన్ను’ అయింది. నాలుగో వాక్యంలో ‘మీ అన్న’ కాస్తా ‘మా అన్న’ అయ్యాడు. అక్కడ క్రియ మొదటి నుంచీ ప్రథమ పురుషే కాబట్టి అలాగే ఉండిపోయింది.

అంటే సర్వనామాలన్నీ మెసేజ్ కొట్టేవాడి వైపు తిరిగాయి. క్రియల చివరి ప్రత్యయాలన్నీ చిన్నాన్న నోట్లో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఒకే వాక్యంలో సగం ఒకరి చోటు నుంచి, సగం ఇంకొకరి చోటు నుంచి మాట్లాడుతోంది. కవరు మీది చిరునామా మార్చి, లోపలి ఉత్తరాన్ని ముట్టకుండా మళ్లీ పోస్టు చేసినట్టుగా ఉంటుంది ఈ ఏర్పాటు.

## ‘అని’ చేసే పని

ఈ ఏర్పాటుకు మూలం ‘అని’ అనే చిన్నమాట. దాన్ని మనం ఒక అతుకుగా వాడేస్తాం గానీ, నిజానికి అది ‘అను’ ధాతువుకు క్త్వార్థక రూపం. ‘తిని వచ్చాడు’లో ‘తిని’ ఎలాంటిదో ‘వస్తానని చెప్పాడు’లో ‘అని’ అలాంటిది. చిన్నాన్న ముందు ‘వస్తాను’ అన్నాడు, అలా అని, చెప్పాడు. అసలు వాక్యం నిర్మాణంలోనే చిన్నాన్న ఒకసారి నోరు తెరిచి ఆ మాట పలుకుతున్నాడు. ఆ పలుకులో కర్త, వక్త ఒక్కరే కాబట్టి ‘ను’ ప్రత్యయం ఆయన్నే పట్టుకుంది. ‘వస్తనన్నడు’లో ‘అని’ కూడా విడిగా కనపడదు, ‘అన్నడు’ అనే క్రియే ఆ పని చేసేస్తుంది.

తమిళంలో ‘ఎన్ఱు’, కన్నడంలో ‘ఎందు’, మలయాళంలో ‘ఎన్ను’ కూడా ‘అను’ అర్థమిచ్చే ధాతువు నుంచి పుట్టినవే. సంస్కృతంలో ‘ఇతి’ కూడా ఇలాగే చెప్పిన మాట వెనక నిలబడుతుంది. హైదరాబాద్ దక్కనీలో ‘వస్తానని చెప్పాడు’ అనడానికి ‘ఆతూఁ బోల్‌కే బోలా’ అంటారు. ‘బోల్‌కే’ అంటే ‘అని’. ఉత్తరాది ఉర్దూలో మాట ముందు ‘కి’ పెట్టే పద్ధతి ఉంటే, తెలుగు మధ్య పెరిగిన దక్కనీ ‘అని’ పద్ధతినే తన మాటల్లో కట్టుకుంది.

మరి సర్వనామం ఎందుకు మారుతుంది? తెలుగులో సర్వనామం అక్కర్లేకున్నా వాక్యం నడుస్తుంది. క్రియ చివర ఎవరన్నది ఉంటుంది కాబట్టి ‘వస్తాను’ అంటే చాలు, ‘నేను’ అనడం నొక్కి చెప్పడానికే. కనుక మాటను చేరవేసేవాడు ‘నేను’ను తీసేసినా నష్టం లేదు, ‘తను’ పెట్టినా ఇబ్బంది లేదు. ఇంగ్లిష్ క్రియకు ఈ సౌకర్యం లేదు. ‘అతను’ అని సర్వనామం మార్చితే తప్ప ఎవరో తెలియదు. మార్చాక కూడా ‘అతను వస్తాడని అతను అన్నాడు’ తరహా వాక్యంలో ఇద్దరూ ఒకరేనా, వేరువేరా అన్న అనుమానం మిగిలిపోతుంది. మనకు ఆ అనుమానం ‘న’, ‘డ’ల దగ్గరే తీరిపోతుంది.

మాట అన్నవాడి చోటు, చేరవేసేవాడి చోటు వేరన్న సంగతి గౌరవం విషయంలో ఇంకా స్పష్టంగా కనపడుతుంది. ‘సారు రేపు వస్తనన్నరు’ అంటాం. ‘అన్నరు’లో ‘రు’ మన గౌరవం, అది మాట చేరవేసేవాడిది. లోపలి ‘ను’ ఏకవచనం, ఎందుకంటే సారు తన గురించి తాను చెప్పుకున్నది అలాగే. ‘వస్తమన్నరు’ అని కొడితే గౌరవం పెరగదు, వచ్చేవాళ్ల సంఖ్య పెరుగుతుంది.

## పొరపాటు ఎక్కడ జరుగుతుంది

ఎదురుగా మాట్లాడేటప్పుడు గొంతు సాయం చేస్తుంది. అమ్మ అన్న ‘నేను రాను’ అనే మాటను చెప్పేటప్పుడు ఆమె గొంతును కాస్త అనుకరిస్తాం, ఆ తర్వాత ఒక్క క్షణం ఆగుతాం. మెసేజ్‌లో గొంతు ఉండదు, కొటేషన్ గుర్తులు ఎవరూ పెట్టరు. అప్పుడు “అమ్మ నేను రేపు రాను అన్నది” అనే వాక్యానికి రెండు అర్థాలు వస్తాయి. అమ్మ ‘నేను రాను’ అని ఉండొచ్చు. లేదా కొట్టినవాడు రాడని అమ్మ ఇంకెవరితోనో చెప్పి ఉండొచ్చు. ‘నేను’, ‘రాను’ రెండూ ఉత్తమ పురుషలోనే ఉండటం వల్ల ‘నేను’ను ఎటు తిప్పుకున్నా వ్యాకరణం ఒప్పుకుంటుంది.

‘నేను’ను తీసేస్తే చిక్కు విడిపోతుంది. “అమ్మ రేపు రానన్నది” అంటే రానిది అమ్మే. కొట్టినవాడి గురించైతే “నన్ను రావద్దన్నది” అనో, “నేను రానని అమ్మనే వాళ్లకు చెప్పింది” అనో రాయాలి.

ఇంకొక పొరపాటు ఈ ప్రాంతపు పలుకుబడిలోనే ఉంది. ‘వస్తున్నడు’ను నాలుక తొందరలో ‘వస్తన్నడు’ అంటారు. ‘వస్తనన్నడు’ కొట్టబోయి ఒక ‘న’ జారిపోతే ‘వస్తన్నడు’ అవుతుంది. రేపు వస్తానని మాట ఇచ్చిన మనిషి ఇప్పటికే దారిలో ఉన్నాడని అర్థం మారిపోతుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టేవాళ్లకు ఈ జారుడు మరింత సులువు. పక్కన ‘రేపు’ ఉంటే చదివినవాడు సర్దుకుంటాడు. లేకపోతే స్టేషన్ దగ్గర మోటారు సైకిల్ ఒక రోజు ముందే నిలబడుతుంది.

## తన గురించేనని తెలిసి అన్నాడా?

‘వస్తనన్నడు’లోని ‘న’ ఇంకొక సంగతి కూడా చెబుతుంది. అది ఎవరి గురించి అన్నాడన్నదే కాదు, ఆ మనిషి అది తన గురించేనని తెలిసి అన్నాడన్నది కూడా.

తత్వవేత్త జాన్ పెరీ 1979లో రాసిన వ్యాసంలో ఒక సంగతి ఉంది. సూపర్‌మార్కెట్‌లో నేల మీద చక్కెర ధార కనపడింది. ఎవరి సంచికో చిల్లి పడిందనీ, ఆ మనిషి నేలంతా పాడు చేస్తున్నాడనీ ఆయన బండి తోసుకుంటూ ఆ ధార వెంట తిరిగాడు. ఎంత తిరిగినా మనిషి దొరకలేదు. చివరికి చిల్లి తన బండిలోని సంచికేనని అర్థమైంది. మొదటి నుంచీ ఆయన వెతుకుతున్నది తననే. కానీ ‘నేనే’ అని తెలియనంత వరకు ఆయన ఆగి సంచి సర్దుకోలేదు.

దీన్ని తెలుగులో చేరవేసి చూడండి. ఇంకా వెతుకుతున్నప్పుడు పెరీ అన్న మాటను ‘నేల ఖరాబు చేస్తున్నడన్నడు’ అని మాత్రమే చెప్పగలం. తెలిసిన తర్వాత అన్నదాన్ని ‘ఖరాబు చేస్తున్ననన్నడు’ అంటాం. రెండు సందర్భాల్లోనూ మనిషి ఒక్కడే, పని ఒక్కటే. అయినా మొదటి దానికి ‘న’ వాడితే తెలుగు చెవికి అబద్ధంగా వినిపిస్తుంది. ఇంట్లోనూ పరీక్షించవచ్చు. పాత గ్రూప్ ఫోటోలో తనను తాను గుర్తుపట్టని తాత ‘ఈ పిలగాడు మంచిగున్నడు’ అంటే, ‘తాత మంచిగున్ననన్నడు’ అని ఎవరం చెప్పం.

> భాషాశాస్త్రంలో ‘రాక్షసులు’
>
> ‘నేను’ అన్న మాట ఎప్పుడూ దాన్ని నిజంగా పలుకుతున్న మనిషినే సూచిస్తుందని అమెరికన్ తత్వవేత్త డేవిడ్ కప్లన్ వాదించారు. ఆయన ‘డెమాన్‌స్ట్రేటివ్స్’ 1977 నుంచి రాతప్రతిగా తిరిగి, 1989లో అచ్చయింది. ‘అన్నాడు’ వంటి మాట వచ్చి ‘నేను’ అర్థాన్ని ఇంకొకరి మీదికి తిప్పగలిగితే, అలాంటి దాన్ని ఆయన ‘రాక్షసి’ అన్నారు. ఇంగ్లిష్‌లో అలాంటివి లేవన్నారు. 2003లో ఫిలిప్ ష్లెంకర్ ఇథియోపియాలోని అమ్హారిక్ భాషను చూపించి, అక్కడ ‘అన్నాడు’ కింద ఉన్న ‘నేను’ అన్నవాడినే సూచించగలదని రాశారు. తెలుగు సంగతి ఇంకా విచిత్రం. ‘తను వస్తానన్నాడు’లో సర్వనామం ‘తను’, అది ప్రథమ పురుష. ప్రత్యయం ‘ను’, అది ఉత్తమ పురుష. ఒకే ఉపవాక్యంలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. తమిళంలోనూ, తెలుగులోనూ ఉన్న ఈ పొందికను భాషావేత్తలు ఇప్పుడు ప్రత్యేకంగా పరిశీలిస్తున్నారు.

‘తను వస్తాడన్నాడు’ అనే వాక్యం కూడా తెలుగులో వినిపిస్తుంది, తప్పని కొట్టేయలేం. కానీ అందులో ‘తను’ ఎవరో వెతుక్కోవాల్సి వస్తుంది. ఇంగ్లిష్ వార్తను తెలుగు చేసేటప్పుడు ఈ తేడాను చూసుకోవాలి. ‘తాను రాజీనామా చేస్తానని మంత్రి చెప్పారు’ అంటే పదవి వదిలేది ఆ మంత్రే. ‘రాజీనామా చేస్తారని మంత్రి చెప్పారు’ అంటే పాఠకుడు ఇంకొకరి కోసం చూస్తాడు.

## కాలం కదలదు, రోజు కదులుతుంది

ఇంగ్లిష్‌లో ‘వాన పడుతోంది’ అన్న మాటను చేరవేసేటప్పుడు ‘పడుతుండింది’ అన్నట్టు మారుస్తారు. తెలుగులో ‘వాన పడుతున్నదన్నడు’ అంటే చాలు. ‘పడుతున్నది’ అన్నది ఫోన్‌లో ఆ మాట అన్న క్షణానికి సంబంధించిన వర్తమానం. ఇప్పుడు వాన ఉందో లేదో ఆ వాక్యం చెప్పదు. ఎప్పుడన్నాడన్నది ‘అన్నడు’ చెబుతుంది, అప్పటికి ఏం జరుగుతోందన్నది లోపలి క్రియ చెబుతుంది.

కాబట్టి ఇంగ్లిష్ అలవాటులో లోపలి క్రియను గతంలోకి దించితే మాటే మారిపోతుంది. ‘వస్తనన్నడు’ను ‘వచ్చిననన్నడు’ చేస్తే అప్పటికే వచ్చేశాడు. కాలం తేడా చూపాలంటే బయటి క్రియను కదపాలి. ‘వస్తనంటున్నడు’ అంటే ఆ మాట మీద ఇంకా ఉన్నాడు. ‘వస్తనన్నడు’ అంటే అప్పుడన్నాడు, ఆ తర్వాత మనసు మారిందో లేదో వాక్యం పూచీ పడదు.

రోజుల పేర్లు మాత్రం క్రియతో కాక సర్వనామాలతో కలిసి నడుస్తాయి. చిన్నాన్న మంగళవారం ‘రేపు బండెక్కుత’ అన్నాడు. అబ్బాయి అదే రాత్రి మెసేజ్ పంపితే ‘రేపు’ సరిపోతుంది. బుధవారం పొద్దున పంపితే ‘ఇయ్యాల బండెక్కుతనన్నడు’ అనాలి. చిన్నాన్న ‘ఇయ్యాల’ అననే లేదు, అయినా అబద్ధం కాదు. వారం తర్వాత ఎవరికైనా ఆ కథ చెబుతుంటే ‘తెల్లారి బండెక్కుతనన్నడు’ అంటాడు.

మెసేజ్‌కు ఇక్కడ ఒక బలహీనత ఉంది. మంగళవారం అర్ధరాత్రి కాకముందు కొట్టిన ‘రేపు’ను దోస్తు బుధవారం పొద్దున లేచి చదువుతాడు. చదివేవాడి ‘రేపు’ అప్పటికి బేస్తారం అయిపోయింది. పైన చిన్న అక్షరాల్లో ఉన్న టైము చూసుకుంటే తప్ప తేడా తెలియదు. ‘బుధారం పొద్దున’ అని వారం పేరు పెట్టి కొడితే ఏ రోజు చదివినా ఒకటే రోజు.

‘మనం’ ఇంతకంటే పెద్ద చిక్కు తెస్తుంది. చిన్నాన్న ఫోన్‌లో ‘ఐతారం మనం గుట్టకు పోదాం’ అన్నాడనుకోండి. చిల్పూర్‌లో గుట్ట అంటే బుగులు వేంకటేశ్వరస్వామి గుట్టే. ఆ ‘మనం’లో చిన్నాన్న, అబ్బాయి, ఇంటివాళ్లు ఉన్నారు. అబ్బాయి దాన్ని ‘చిన్నాన్న ఐతారం గుట్టకు పోదామన్నడు’ అని దోస్తుకు కొడితే, దోస్తు తననూ పిలిచారనుకోవడంలో తప్పు లేదు. ‘పోదాం’లోని ప్రత్యయం చదువుతున్నవాణ్ణి కూడా కలుపుకుంటుంది. ఇంటివాళ్ల వరకే అయితే ‘మమ్ముల గుట్టకు తీస్కపోతనన్నడు’ అని విడమరచాలి. వినేవాణ్ణి కలుపుకునే ‘మనం’, కలుపుకోని ‘మేము’ వేరువేరుగా ఉన్న భాష మనది. మాట ఒక చెవి నుంచి ఇంకో చెవికి మారగానే ఆ గీత మళ్లీ గీసుకోవాల్సి వస్తుంది.

## ‘అట’ దగ్గర ఏం పోతుంది

అన్ని చోట్లా క్రియ ఇలా అన్నవాడి వైపే ఉండదు. ‘చిన్నాన్న ఎప్పుడొస్తవని అడిగిండు’ అంటే ‘వస్తవు’ చిన్నాన్న నోటి మాటే, అడిగింది నన్ను. అదే ‘నేను ఎప్పుడొస్తనో అడిగిండు’ అంటే క్రియ నా వైపు తిరిగిపోయింది. ‘అని’ ఉంటే అడిగినవాడి గొంతు ఉంటుంది. ‘ఓ’ వస్తే ఆ గొంతు ఉండదు, అంతా చేరవేసేవాడి మాటే.

‘అట’ కూడా ఇలాగే నడుస్తుంది. అబ్బాయి మెసేజ్ అందుకున్న దోస్తు తన ఇంట్లో ఆ మాట చెప్పాలనుకుందాం. ‘వాళ్ల చిన్నాన్న వస్తనన్నడట’ అంటే చిన్నాన్న స్వయంగా అన్నాడనీ, తాను నేరుగా వినలేదనీ రెండూ తెలుస్తాయి. కానీ అంత పొడుగు ఎవరు లాగుతారు? ‘వాళ్ల చిన్నాన్న వస్తడట’ అనేస్తాడు. ‘న’ పోయి ‘డ’ వచ్చింది. వినికిడి మాట అన్న సూచన మిగిలింది గానీ, ఎవరన్నారన్నది వాక్యంలోంచి జారిపోయింది. చిన్నాన్న తానే మాట ఇచ్చాడా, ఇంకెవరైనా ఊహించి చెప్పారా అన్నది ‘వస్తడట’ విన్నవాడికి తెలియదు. మూడో మనిషి దాన్ని మళ్లీ ‘వస్తనన్నడు’గా మార్చి పంపితే, అక్కడ పెట్టిన ‘న’ తాను వినని గొంతును చిన్నాన్నకు అంటగట్టినట్టే. వస్తానన్న మాట మీద స్టేషన్‌కు బండి పంపాలా వద్దా అని తేల్చుకునేవాళ్లు ‘తనే అన్నడా?’ అని తిరిగి అడగడం అందుకే.